క్యాప్షన్‌లో ఒక ‘నేనే’

నాన్నకు డెబ్బై నిండిన రోజు తీసిన ఫోటోకి రాత్రి కూర్చుని క్యాప్షన్ రాశాను: “నాన్నకు 70! ఎవరున్నా లేకపోయినా ఆయన పక్కన ఉన్నది నేనే. మనవాళ్లనుకున్న వాళ్లంతా వచ్చారు. ఆయన అడిగింది ఏదీ కాదనలేదు.” పదకొండు మందిని ట్యాగ్ చేశాను, రాలేకపోయిన అన్నయ్యతో సహా. ఇంకా పోస్ట్ మాత్రం చేయలేదు.

తప్పులేమీ కనబడలేదు. నేను రాసింది నాకు బాగానే ఉంటుంది మరి. అందుకే ఫోటోలో లేనివాళ్లను తలచుకుని, వాళ్ల గొంతుతో పైకి చదువుతాను. అన్నయ్యగా చదివితే మొదటి వాక్యం దగ్గరే నోరు ఆగింది. ‘నేను’ అంటే నా సంగతి. ‘నేనే’ అంటే నువ్వు కాదని. ‘ఎవరున్నా లేకపోయినా’ అన్నది పాటలా వచ్చింది గానీ, రాని మనిషి ఒక్కడే అయినప్పుడు అది అతని పేరే. పైగా అతన్నే ట్యాగ్ చేశాను! ప్రేమతోనే చేశాను, కానీ ఆ వాక్యం కింద అది వేలు పెట్టి చూపించినట్టే. ‘మనవాళ్లనుకున్న’ కూడా అంతే, రానివాళ్లను బయటికి తోసేస్తుంది.

ఆఖరి వాక్యం చూసి మా ఆవిడ నవ్వింది. “ఇది మామయ్య గురించా, మీ గురించా?” వాదించకుండా తీసేశాను. ఒకరి పుట్టినరోజు రాతలో నా ఖర్చు, నా సేవ లెక్కకొస్తే అది గొప్పలే.

ఇక ట్యాగులు. ఫేస్‌బుక్‌లో ట్యాగ్ చేస్తే, సెట్టింగులను బట్టి వాళ్ల ఫ్రెండ్స్‌కీ పోస్ట్ కనిపించొచ్చు. బాబాయి కూతురు ఆఫీసులో ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చింది. అడిగితే “వద్దన్నయ్యా బాబూ” అంది. మిగతావాళ్లలో నలుగురు సరేనన్నారు. జవాబు రానివాళ్ల ట్యాగులు తీసేశాను. ముందు పెట్టేసి తర్వాత దిద్దుకుందాంలే అంటే కుదరదు: ట్యాగ్ తీసేసినా నోటిఫికేషన్ చూసినవాళ్లు చూసేసే ఉంటారు, మార్చిన క్యాప్షన్ పాత రూపం ఎడిట్ హిస్టరీలో చదవొచ్చు.

చివరికి మిగిలింది ఇది: “నాన్నకు 70. మధ్యాహ్నమంతా పాత ఫోటోలు తిరగేస్తూ, ప్రతిదానికీ ఒక కథ చెప్పాడు.” మరీ చప్పగా అనిపించింది. అయినా అదే పెట్టాను. అన్నయ్య ట్యాగ్ తీసేసి, ఫోటో విడిగా పంపాను.

పొద్దున్నే ఫోన్ చేశాడు. “ఆ చొక్కా నేను పంపిందేనా?” అవును, అదే. అన్నిసార్లు చదివాను, చొక్కా సంగతి మాత్రం తట్టనేలేదు.