పూతరేకుల కొట్టులో ఏపీఐ పాఠం: నా అనుభవం

ఆత్రేయపురంలో పూతరేకులు చేయించి ఊరూరా పంపే, నేను బాబాయ్ గారూ అని పిలిచే ఒక పెద్దాయన దగ్గర ఒప్పుకున్న పని నిన్నటికి ఓ కొలిక్కి వచ్చింది. ఒళ్లు మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

పని చిన్నదే. వెబ్‌సైట్‌లో వచ్చిన ఆర్డర్లను ఇద్దరు అమ్మాయిలు కొరియర్ కంపెనీ పేజీలో మళ్లీ టైప్ చేస్తుంటారు. పండగ ముందు అది అర్ధరాత్రి దాకా సాగుతుంది. ఆ టైపింగ్ లేకుండా వెబ్‌సైటే కొరియర్ వాళ్ల కంప్యూటర్‌కు నేరుగా చెప్పుకునేలా చేయాలి. అలా చెప్పుకునే దారి పేరే ఏపీఐ. కొరియర్ కంపెనీ సేల్స్ కుర్రాడు డాక్యుమెంటేషన్ లింకు ఒకటి వాట్సాప్‌లో పడేసి మాయమయ్యాడు. బాబాయ్ గారు దాన్ని ప్రింటు తీయించి, "ఇందులో ఏముందో నాకు తెలిశాకే అడ్వాన్సు" అన్నారు.

ఎండ్‌పాయింట్ల దగ్గర పెద్ద కష్టం లేదు. బస్టాండులో రిజర్వేషన్‌కు ఒక కౌంటరు, ఎంక్వైరీకి ఒక కౌంటరు ఉన్నట్టే ఇక్కడా ఒక్కో పనికి ఒక్కో చిరునామా ఉంటుందని చెప్పాను. `POST /v1/shipments` పార్సిల్ బుక్ చేయడానికి, `GET /v1/shipments` బుక్ అయినదాని వివరం అడగడానికి. GET అంటే ఊరికే అడగడం కాబట్టి వందసార్లు అడిగినా ఏమీ మారదు. POST అంటే పని జరుగుతుంది, ట్రాకింగ్ నంబరు పుడుతుంది, వాలెట్‌లో డబ్బు తెగుతుంది. ఈ తేడా ఆయన ఠక్కున పట్టేశారు. డబ్బు తెగే చోటు ఏ వ్యాపారికైనా తొందరగానే అర్థమవుతుంది.

ఎర్రర్ కోడ్ల పట్టిక వచ్చేసరికి ఆయన మొహం మారిపోయింది. "ఇన్ని తప్పులు వాళ్లే ఒప్పుకుని రాసుకున్నారు కదండీ, ఈ సరుకు మనకెందుకు?" అన్నారు. అవి వాళ్ల లోపాల జాబితా కాదని, మనం పంపిన ప్రతి మాటకూ వచ్చే జవాబుల జాబితా అని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. రెండుతో మొదలైతే పని అయింది, నాలుగుతో మొదలైతే మనం పంపినదాంట్లో ఏదో తేడా ఉంది, ఐదుతో మొదలైతే అవతల వాళ్ల యంత్రం మొరాయించింది. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. ఆయనకు కావలసింది మాత్రం అది కాదు. ఆ కోడు వచ్చినప్పుడు ఎవరిని లేపాలి అన్నదే ఆయన ప్రశ్న.

దాంతో ప్రింటు పక్కనే ఒక గడి గీశాను. `401` వస్తే మనం ఎవరమో చెప్పడానికి పంపిన రహస్య పదం, అంటే కీ, చెల్లలేదని, నన్ను లేపాలి. `422` వస్తే పిన్‌కోడ్‌లో ఆరు అంకెలకు బదులు ఐదే ఉండటమో, ఫోన్ నంబరు లేకపోవడమో జరిగిందని, కొట్టులో అమ్మాయిలే కస్టమరుకు ఫోన్ చేసి సరిచేయాలి. `429` నాలుగుతో మొదలైనా తప్పేమీ లేదు, మరీ వేగంగా అడుగుతున్నామని అర్థం, ఆగి పంపాలి. `500`, `503` వస్తే కొరియర్ వాళ్ల గొడవ, కాసేపు చూసి మళ్లీ పంపాలి. ప్రోగ్రామర్లకు ఒక మాట: మీరు కూడా ఈ గడి గీయండి. అర్థాలు చెబితే జనం తల ఊపుతారు గానీ ఎవరి పని ఏదో చెబితేనే ప్రశ్నలు వేస్తారు.

ప్రశ్న రానే వచ్చింది. "మరి అసలు జవాబే రాకపోతే?"

నెట్ తెగిందనుకోండి, లేదా వాళ్ల కంప్యూటర్ ముప్పై సెకన్లలో పలకలేదనుకోండి. మన వైపు టైమౌట్ అని పడుతుంది, కోడంటూ ఏదీ రాదు. పార్సిల్ బుక్ అయిందా లేదా? మన మాట దారిలోనే పోయి ఉండొచ్చు. లేదా బుక్ అయిపోయి, తిరిగొచ్చే జవాబు పోయి ఉండొచ్చు. మన వైపు నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. "తెలియదు బాబాయ్ గారూ" అన్నాను, అది నిజం కాబట్టి.

లెక్కలు చూసే ఆయన బావమరిది అందుకున్నాడు. "అంత చదువు చదివి తెలియదంటాడేంటి బావా, అమ్మాయిలు టైప్ చేస్తే పార్సిల్ వెళ్లిందో లేదో తెలుస్తుంది కదా!" అట్టపెట్టెలు కడుతున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. కొరియర్ వాళ్ల సపోర్టుకు అక్కడే స్పీకర్‌లో ఫోన్ కలిపాను. అవతలి అమ్మాయి ప్రశ్న పూర్తిగా వినకుండానే "సర్, డాక్యుమెంటేషన్ చూడండి సర్" అని పెట్టేసింది. నవ్వు రెట్టింపయింది. డాక్యుమెంటేషన్‌లో టైమౌట్ గురించి ఒక్క ముక్క లేదు. రంగురంగుల బొమ్మలు పెట్టడానికి మాత్రం చోటు దొరికింది వాళ్లకు.

కానీ జవాబు ఆ పట్టికలోనే ఇంకో వరుసలో ఉంది. `409 Conflict: duplicate order_ref`. బుక్ చేసేటప్పుడు మన కొట్టు ఆర్డరు నంబరును కూడా `order_ref` అనే పేరుతో కలిపి పంపవచ్చు:

```
POST /v1/shipments
{
  "order_ref": "PR-1042",
  "pincode": "500072",
  "weight_g": 1500
}
```

ఆ నంబరు పంపితే కొరియర్ కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. జవాబు రాకపోతే అదే నంబరుతో మళ్లీ పంపడమే. మొదటిది చేరలేదంటే ఇప్పుడు బుక్ అవుతుంది. చేరిందంటే `409` వస్తుంది, రెండో పార్సిల్ పుట్టదు. అప్పుడు `GET /v1/shipments?order_ref=PR-1042` అని అడిగితే మొదటిసారి పుట్టిన ట్రాకింగ్ నంబరు చేతికొస్తుంది. ఎర్రర్ల పట్టికలో ఉంది గానీ ఈ సందర్భంలో అది శుభవార్త. అయితే ఇది ఈ కంపెనీ పద్ధతి. కొన్ని ఏపీఐలలో ఇదే పనికి `Idempotency-Key` అనే హెడర్ ఉంటుంది, కొన్నింటిలో ఏదీ ఉండదు.

మాటలతో బావమరిది లొంగడని తెలుసు. డబ్బు తెగని టెస్ట్ కీతో చేసి చూపించాను. మన వైపు ఆగే సమయాన్ని కావాలనే బాగా తగ్గించి, జవాబు వచ్చేలోపే టైమౌట్ పడేలా పెట్టాను. `order_ref` లేకుండా పంపితే టైమౌట్, మళ్లీ పంపితే మళ్లీ టైమౌట్. కొరియర్ పేజీ తెరిస్తే అదే చిరునామాకు రెండు పార్సిళ్లు, రెండు ట్రాకింగ్ నంబర్లు. అసలు కీ అయితే వాలెట్‌లో రెండుసార్లు తెగేది. `order_ref` పెట్టి మొదటిదాన్ని అలాగే టైమౌట్ చేసి, రెండోసారి మామూలు సమయం ఇచ్చి పంపాను. `409` వచ్చింది. పేజీలో ఒక్కటే పార్సిల్. బావమరిది కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నేను ఇంకేమీ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు.

అప్పుడు బాబాయ్ గారు ప్రింటులో వేలు పెట్టి అడిగారు: "మరి ఈ `order_ref` ఎదురుగా `optional` అని ఉందేంటి, పెట్టినా పెట్టకపోయినా ఒకటేనని కదా?" ఈ ఒక్క మాటకు ఆ డాక్యుమెంటేషన్ రాసినవాళ్లను గోదాట్లో ముంచినా పాపం లేదు. వాళ్ల యంత్రానికి అది ఐచ్ఛికం, డబ్బు కట్టేవాడికి తప్పనిసరి. వాళ్లు ఇచ్చిన నమూనా కోడ్‌లో కూడా ఆ వరుస లేదు. దాన్ని ఉన్నదున్నట్టు అతికించుకున్న ఎవరికైనా నెట్ సరిగ్గా లేని రోజున, జవాబు రాలేదని మళ్లీ పంపిన ఆర్డరు రెండు అయ్యే ప్రమాదం ఉంది. మీరు కొట్టు యజమాని అయితే మీ ప్రోగ్రామర్‌ను అడగండి: జవాబు రాకుండా రెండోసారి పంపితే ఏమవుతుందో టెస్ట్ కీతో చూపించమని. "ఏం కాదులెండి" అన్నాడంటే అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.

సేల్స్ కుర్రాడికి బాబాయ్ గారే ఫోన్ చేశారు. `409` వచ్చినప్పుడు అదే పార్సిల్‌కు రెండోసారి డబ్బు తెగదని మెయిల్‌లో రాసివ్వమన్నారు. వాడికి `409` అంటే ఏమిటో తెలియదు. ఈయనే నెమ్మదిగా, నాకంటే బాగా, చెప్పారు. సాయంత్రానికి మెయిల్ వచ్చింది, అడ్వాన్సూ వచ్చింది.

ఇక మిగిలింది వెబ్‌హుక్ పేజీ. పార్సిల్ చేరగానే కొరియర్ వాళ్లే మనకు కబురు పెట్టే ఏర్పాటు అది. దానికి వేరే బిల్లు అన్నాను. ఇప్పటికే సగం తనకు అర్థమైపోయింది కాబట్టి సగం బిల్లే ఇస్తానంటున్నారు. బేరం నడుస్తోంది.