పిత్తాశయంలో రాళ్లు: ఒకసారి చేతి డబ్బుతో, ఒకసారి క్యాష్‌లెస్‌తో

మాది నరసరావుపేట. నిరుడు నేను ఒకే జబ్బుకు రెండు ఆసుపత్రుల్లో చేరాల్సి వచ్చింది. మొదట క్లోమం వాచి, ఊళ్లోనే ఉన్న ఒక నర్సింగ్ హోమ్‌లో అత్యవసరంగా చేరాను. ఆ వాపు పూర్తిగా తగ్గిన తరువాత, దానికి కారణమైన పిత్తాశయపు రాళ్ల కోసం గుంటూరులో ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటి బిల్లు మేమే కట్టి, తరువాత బీమా కంపెనీ నుంచి రాబట్టుకున్నాము. రెండోది క్యాష్‌లెస్‌లో, అంటే బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతిలో జరిగింది. పాలసీ ఒకటే, ఐదు లక్షలది, అప్పటికి నాలుగో ఏడు నడుస్తోంది. ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో ఈ రెండు అనుభవాల వల్ల నాకు స్పష్టంగా తెలిసింది.

రాత్రి భోజనం చేసిన కాసేపటికి పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వెన్నులోకి పొడుచుకుపోయింది. పడుకుంటే ఎక్కువయ్యేది, ముందుకు వంగి కూర్చుంటే కొంచెం తగ్గేది, వాంతులు ఆగలేదు. రక్తపరీక్షలో క్లోమం నుంచి వచ్చే లైపేజ్ అనే ఎంజైము ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉంది, స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి. డాక్టరు గారు నోటికి ఏమీ ఇవ్వవద్దని చెప్పి సెలైన్లు పెట్టించారు. ఆ స్థితిలో బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రిని వెతుక్కుంటూ గుంటూరు దాకా ప్రయాణం చేయడం మా ఇంట్లో ఎవరికీ సరైన పనిగా తోచలేదు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాడు. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలోనూ క్యాష్‌లెస్ ఇచ్చే ఏర్పాటు 2024 జనవరి నుంచి ఉందని, అత్యవసరంగా చేరితే 48 గంటల్లోపు తెలియజేయాలని, అయితే ఆసుపత్రి కూడా అందుకు ఒప్పుకోవాలని వారు చెప్పారు. నర్సింగ్ హోమ్ అకౌంటెంటు మాత్రం, “ఆ కాగితాలు చూసుకునే మనుషులు మా దగ్గర లేరండీ, మీరు కట్టేసి క్లెయిమ్ పెట్టుకోండి” అన్నాడు. చిన్న ఊళ్లలో ఈ ఏర్పాటు సాధారణంగా ఈ మాట దగ్గరే ఆగిపోతుంది. మా అబ్బాయి ఆ ఫోన్లోనే ఆసుపత్రిలో చేరిన సంగతి నమోదు చేయించి, ఇంటిమేషన్ నంబరు తీసుకున్నాడు. క్యాష్‌లెస్ కాకపోయినా ఆ నంబరు తీసుకోవలసిందే.

ఇలా ముందు కట్టి తరువాత రాబట్టుకునే రీయింబర్స్‌మెంట్‌లో డబ్బు వచ్చేదీ రానిదీ తేలేది డిశ్చార్జి రోజున. ఇంటికి వెళ్లిన తరువాత కాగితాలు మార్పించుకోవడం చాలా కష్టం. నా విషయంలో అసలు చిక్కు జబ్బు పేరులోనే ఉంది. క్లోమం వాపుకు ముఖ్యమైన కారణాలు రెండు, పిత్తాశయపు రాళ్లు, మద్యం. మద్యం వల్ల వచ్చిన జబ్బుకు చాలా పాలసీలు డబ్బు ఇవ్వవు. అందుచేత డిశ్చార్జి సమ్మరీలో ‘అక్యూట్ పాంక్రియాటైటిస్’ అని మాత్రమే రాస్తే, కారణం ఏమిటో చెప్పమని బీమా కంపెనీ తప్పకుండా అడుగుతుంది. పైగా, చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు కేస్ షీటులో అలవాట్ల గడిలో ‘అప్పుడప్పుడు మద్యం’ అని రాసి ఉన్నారు. నాకు ఆ అలవాటు లేదు. ఆ హడావిడిలో ఎవరిని అడిగి రాశారో తెలియదు. మా బావమరిది మందుల షాపులో పనిచేసిన మనిషి కాబట్టి, డిశ్చార్జికి ముందే కేస్ షీటు అడిగి చదివి ఆ వాక్యాన్ని పట్టుకున్నాడు. పెద్ద డాక్టరు గారు నన్ను మళ్లీ విచారించి, దాన్ని సరిదిద్ది సంతకం చేశారు. సమ్మరీలో ‘పిత్తాశయపు రాళ్ల వల్ల వచ్చిన పాంక్రియాటైటిస్’ అని స్పష్టంగా రాసి, లెటర్‌హెడ్ మీద కారణం తెలిపే ధ్రువపత్రం కూడా విడిగా ఇచ్చారు. ఊహించినట్టుగానే కంపెనీ ఇండోర్ కేస్ పేపర్లన్నీ తెప్పించుకుని చూసింది. ఆ వాక్యం అలాగే ఉండి ఉంటే మా క్లెయిము బీమా ఫిర్యాదులు తేల్చే ఏ ఓంబుడ్స్‌మన్ దగ్గరో తేలాల్సి వచ్చేది.

మేము ముందే అడిగి తెచ్చుకున్న మరో కాగితం నర్సింగ్ హోమ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నకలు, పడకల సంఖ్య తెలిపే ఉత్తరం. పాలసీ లెక్కలో ఆసుపత్రి అంటే సంబంధిత అధికారుల దగ్గర రిజిస్టరయినదై ఉండాలి. లేదంటే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, అంతకు మించిన నగరాల్లో 15 పడకలు, రాత్రింబవళ్లు నర్సులు, డాక్టరు, సొంత ఆపరేషన్ థియేటరు వంటివి ఉండాలి. నెట్‌వర్క్ ఆసుపత్రి విషయంలో ఈ విచారణ కంపెనీ ముందే చేసుకుంటుంది. బయటి ఆసుపత్రి అయితే రుజువు తెచ్చే బాధ్యత రోగి మీద పడుతుంది. అలాగే ప్రతి కంపెనీకీ తాను డబ్బు ఇవ్వనని ప్రకటించిన ఆసుపత్రుల జాబితా వెబ్‌సైటులో ఉంటుంది. ప్రాణాపాయ స్థితిలో చేరితే తప్ప అక్కడ రీయింబర్స్‌మెంట్ కూడా రాదు కాబట్టి, చేర్చిన వెంటనే ఎవరో ఒకరు ఆ జాబితా చూడాలి.

మొత్తం బిల్లు 92,000 రూపాయలు అయింది. అందులో చేతొడుగులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు వంటి చెల్లించని వస్తువుల కింద 3,200 తీసేశారు. బిల్లు నంబరు లేని తెల్ల చీటీ మీద ఇచ్చిన మందుల ఖర్చు 1,800 కూడా పోయింది. మిగతా 87,000 బ్యాంకు ఖాతాలో పడింది, కానీ మధ్యలో ఒక క్వెరీ వచ్చి, జవాబు పంపిన తరువాత. అంతవరకూ ఆ సొమ్ము మా ఇంటిది. 92,000 కాబట్టి సర్దుకోగలిగాము. ఐసీయూలో వారాల తరబడి ఉండే జబ్బయితే ఈ దారి ఎంత మంది తట్టుకోగలరన్నది అనుమానమే.

వాపు చల్లారిన తరువాత ఆపరేషన్‌కు తేదీ నిర్ణయించుకునే వ్యవధి దొరికింది. ఇక్కడ క్యాష్‌లెస్‌ను వదులుకోవడానికి ఒక్క కారణం కూడా కనిపించలేదు. గుంటూరులో మా కంపెనీ నెట్‌వర్క్‌లో ఉన్న ఆసుపత్రిలో, తేదీకి నాలుగైదు రోజుల ముందే ఇన్సూరెన్స్ డెస్క్‌కు పాలసీ కార్డు, ఆధార్, పాన్, మొదటి స్కానింగ్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాము. డాక్టరు నింపవలసిన భాగం నింపి, వారు ప్రీఆథ్, అంటే చికిత్సకు ముందస్తు అనుమతి కోరే అభ్యర్థన, కంపెనీకి పంపారు. పిత్తాశయపు రాళ్ల ఆపరేషన్‌కు చాలా పాలసీల్లో మొదటి రెండేళ్లు నిరీక్షణ కాలం ఉంటుంది. అందుకే, రాళ్లున్నట్టు తొలిసారి ఎప్పుడు తెలిసింది, ఆ కాగితమేది అని క్వెరీ వచ్చింది. తేదీ ఉన్న స్కానింగ్ రిపోర్టు చేతిలోనే ఉంది కాబట్టి అదే పూట జవాబు వెళ్లింది. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ప్రీఆథ్ మీద గంటలోపు నిర్ణయం చెప్పాలి. అయితే క్వెరీకి మన దగ్గర జవాబు లేనప్పుడు ఆ నిబంధన మనకు పెద్దగా ఉపయోగపడదు.

గది ఎంచుకునేటప్పుడు డెస్క్‌లో ఉన్న అమ్మాయి చెప్పిన లెక్క గుర్తుంచుకోదగినది. నా పాలసీలో గది అద్దె పరిమితి బీమా మొత్తంలో ఒక శాతం, అంటే రోజుకు 5,000. “7,500 గది తీసుకుంటే పైన 2,500 కడితే సరిపోతుందనుకుంటారు సార్, కానీ సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు కూడా మూడింట రెండు వంతులే ఇస్తారు” అని ఆమె వివరించింది. ఆ పద్దులు 45,000 అయితే అందులో 15,000 మన మీద పడుతుందన్న మాట. మందులకు, పరీక్షలకు, శరీరంలో అమర్చే పరికరాలకు ఈ కోత వేయకూడదు. రీయింబర్స్‌మెంట్‌లోనూ ఇదే కోత ఉంటుంది; తేడా ఏమిటంటే అక్కడ మనకు ముందుగా చెప్పే మనిషి ఉండడు. నేను పరిమితి లోపలి గదే తీసుకున్నాను.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. మరునాడు ఉదయం రౌండ్స్‌లో డాక్టరు గారు ఇంటికి వెళ్లవచ్చన్నారు, కానీ మేము బయటపడింది సాయంత్రం. చివరి అనుమతి మూడు గంటల్లోపు రావాలన్నది నిజమే. ఆలస్యం వల్ల ఆసుపత్రి వేసే అదనపు చార్జీలు కంపెనీయే భరించాలన్నదీ నిజమే. కాకపోతే ఆ మూడు గంటలు ఆసుపత్రి నుంచి అభ్యర్థన కంపెనీకి చేరినప్పటి నుంచి లెక్క. మా ఫైలు ఫార్మసీ క్లియరెన్సు కోసం, సమ్మరీ టైపింగు కోసం మధ్యాహ్నం దాకా ఆసుపత్రిలోనే తిరిగింది. బిల్లు ఎప్పుడు పంపారో డెస్క్‌లో అడిగితే జాప్యం ఏ వైపు ఉందో తెలుస్తుంది. కంపెనీతో కుదిరిన ప్యాకేజీ ధర నేరుగా డబ్బు కట్టే రోగికి చెప్పే ధర కంటే తక్కువని అక్కడే తెలిసింది. దానివల్ల నా ఐదు లక్షల్లో ఆ ఏడాదికి మిగిలింది కూడా కొంత పెరిగింది. మొదటి ఆసుపత్రిలో అటువంటి ఒప్పందం లేదు. బయటి ఆసుపత్రి బిల్లు ఆ ప్రాంతపు వాడుక ధర కంటే ఎక్కువగా కనిపిస్తే, కంపెనీ అందులో కోత పెట్టే అవకాశం కూడా ఉంటుంది.

ఇంతకూ ప్రీఆథ్ తిరస్కరిస్తే ఏం చేయాలని మా వీధిలో చాలామంది నన్ను అడిగారు. క్యాష్‌లెస్ కాదన్నంత మాత్రాన క్లెయిము కాదన్నట్టు కాదు. జబ్బు ఎప్పటిదో, దేనివల్ల వచ్చిందో ఆ కాసేపట్లో తేల్చలేక చాలాసార్లు కాదంటారు. తిరస్కరించిన ఉత్తరంలో కారణం చదివి, చికిత్స ఆపకుండా డబ్బు కట్టి, ఆ కారణానికి సమాధానమయ్యే కాగితాలతో రీయింబర్స్‌మెంట్ పెట్టుకోవచ్చు. నాకు తొలిసారే క్యాష్‌లెస్ అడిగే వీలు ఉండి ఉంటే, మద్యం గురించిన ఆ వాక్యం వల్ల బహుశా అదే జరిగేది. కాబట్టి కారణం తేలని అత్యవసర జబ్బుకు, నమ్మిన డాక్టరు నెట్‌వర్క్ బయట ఉన్నప్పుడు, చేతిలో కొంత డబ్బు ఉంటే రీయింబర్స్‌మెంట్ దారి మేలు. తేదీ మన చేతిలో ఉండి, పాత రిపోర్టులన్నీ సిద్ధంగా ఉన్న ఆపరేషన్‌కు, లేదా బిల్లు మన శక్తికి మించేటప్పుడు, క్యాష్‌లెస్‌కు సాటి లేదు.

క్యాష్‌లెస్ అయినా చివరన కొంత రీయింబర్స్‌మెంట్ మిగిలే ఉంటుంది. నా పాలసీలో చేరకముందు 30 రోజుల ఖర్చులు, డిశ్చార్జి తరువాత 60 రోజుల ఖర్చులు వస్తాయి. అవి బిల్లులు పెట్టి తెచ్చుకోవలసినవే. రెండు అడ్మిషన్ల మధ్య తీయించిన, పిత్తనాళాలను చూపే ఎమ్మార్సీపీ స్కాన్ మొదటి దానికి తరువాతి ఖర్చు, రెండో దానికి ముందటి ఖర్చు కూడా అయింది. దాన్ని ఒక్క క్లెయిములోనే పెట్టాలి. మొదటి ఫైలు అప్పటికింకా పరిశీలనలో ఉండడంతో, రెండో దానికి జత చేసి, అసలు బిల్లుతో పాటు రిపోర్టు, డాక్టరు రాసిన చీటీ కలిపి పంపాము.