స్లైడ్‌లో బాణం గుర్తు మింగేసిన వాక్యం

ఆపరేటింగ్ సిస్టమ్స్‌కి నేను మొదట చేసిన నోట్స్ అసలు నోట్సే కాదు. లెక్చర్ స్లైడ్స్‌లో ఉన్న పాయింట్లన్నీ ఒక డాక్యుమెంట్‌లోకి కాపీ చేసి, రంగులు వేసి, ప్రింట్ తీసుకున్నాను, అంతే. చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉండేది. మాక్ టెస్ట్‌లో పేజింగ్ లెక్క ఒకటి తప్పాక గానీ అసలు సంగతి బయటపడలేదు.

ఆ స్లైడ్‌లో ఉన్నది మొత్తం ఇదీ:

```
TLB hit  → 1 access
TLB miss → 2 access
EAT = h(t + m) + (1 - h)(t + 2m)
```

TLB అంటే ఈమధ్య వాడిన పేజ్‌లు మెమరీలో ఏ ఫ్రేమ్‌లో ఉన్నాయో గుర్తుపెట్టుకునే చిన్న, వేగమైన క్యాష్. EAT అంటే ఒక మెమరీ రిఫరెన్సుకి పట్టే సగటు టైమ్, h హిట్ రేషియో, t టీఎల్‌బీ చూసే టైమ్, m మెమరీకి ఒకసారి వెళ్లే టైమ్. క్లాసులో సార్ దీని గురించి పది నిమిషాలు చెప్పి ఉంటారు, స్లైడ్‌లో మిగిలింది మాత్రం మూడు లైన్లు. నేను ఫార్ములా బట్టీ పట్టాను. టెస్టులో పేజ్ టేబుల్ రెండు లెవెల్స్‌లో ఉందని ఇచ్చారు, నేను అదే ఫార్ములాలో అంకెలు వేసి నిశ్చింతగా తప్పు ఆప్షన్ పెట్టొచ్చాను.

ఇంటికొచ్చి ఆ రెండో బాణం దగ్గర ఆగాను. మిస్ అయితే రెండు యాక్సెస్‌లు ఎందుకు? 'ఎందుకంటే' అన్న మాట పెట్టి వాక్యం పూర్తి చేద్దామంటే చేతకాలేదు! టెక్స్ట్‌బుక్ తీసి చూసి, చివరికి ఇలా రాసుకున్నాను: "ప్రోగ్రామ్ ఇచ్చే అడ్రస్‌లోని పేజ్ నంబర్‌ని ముందు టీఎల్‌బీలో వెతుకుతారు. అక్కడ దొరికితే ఫ్రేమ్ నంబర్ వెంటనే తెలుస్తుంది కాబట్టి డేటా కోసం ఒక్కసారి మెమరీకి వెళితే చాలు. దొరకకపోతే పేజ్ టేబుల్ చూడాలి, ఆ టేబుల్ కూడా మెమరీలోనే ఉంటుంది కాబట్టి దానికోసం ఒకసారి, డేటా కోసం ఇంకోసారి, మొత్తం రెండుసార్లు వెళ్లాలి." స్లైడ్ మింగేసింది ఆ "కూడా మెమరీలోనే ఉంటుంది" అన్న ముక్కనే.

దాని కిందే ఉదాహరణ. టీఎల్‌బీ చూడటానికి 20 నానోసెకన్లు, మెమరీకి ఒకసారి వెళ్లడానికి 100, హిట్ రేషియో 80 శాతం అనుకున్నాను. హిట్ అయితే 20 + 100 = 120. మిస్ అయితే 20 + 100 + 100 = 220. వంద రిఫరెన్సుల్లో 80 హిట్లు, 20 మిస్‌లు కాబట్టి సగటు 0.8 × 120 + 0.2 × 220 = 96 + 44 = 140 నానోసెకన్లు. స్లైడ్‌లో ఉదాహరణ ఉన్నా చాలాసార్లు ఇన్‌పుట్, ఆన్సర్ మాత్రమే ఉంటాయి, మధ్యలో ఆ 220 ఎక్కడి నుంచి వచ్చిందో ఉండదు. ఇలా వాక్యాలతో మళ్లీ రాసుకునే నోట్స్‌నే హ్యాండౌట్ అంటున్నాను, అందులో ప్రతి అంకె పక్కన అది దేని కోసమో రాయాలి: ఈ 100 టేబుల్‌కి, ఆ 100 డేటాకి.

ఆ తర్వాత అదే లెక్కలో ఒక్క షరతు మార్చి మళ్లీ చేస్తాను, నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. రెండు లెవెల్స్ పేజ్ టేబుల్ అయితే మిస్ అయినప్పుడు టేబుల్ కోసమే రెండుసార్లు వెళ్లాలి, అంటే 20 + 300 = 320. సగటు 96 + 64 = 160. వాక్యం రాసుకున్నవాడికి ఇది అర నిమిషం పని, ఫార్ములా బట్టీ పట్టినవాడు (అంటే నేను) 140 దగ్గరే ఆగిపోతాడు. చివర్లో సరిచూసుకోవడానికి ఒక లైన్: ఆన్సర్ ఎప్పుడూ హిట్ టైమ్‌కీ మిస్ టైమ్‌కీ మధ్యలోనే పడాలి, హిట్ రేషియో ఎక్కువైతే హిట్ టైమ్ వైపు జరగాలి. 120 కంటే తక్కువ వచ్చిందంటే ఎక్కడో 20 కలపడం మర్చిపోయినట్టే.

ఊహలు కూడా వాక్యాల్లోనే పెట్టండి. పై లెక్కంతా పేజ్ ఫాల్ట్ లేదనీ, టీఎల్‌బీ చూశాకే మెమరీకి వెళతారనీ అనుకుని చేసింది. కొన్ని ప్రశ్నల్లో టీఎల్‌బీ టైమ్ లెక్కలోకి తీసుకోవద్దంటారు, అప్పుడు ఆన్సర్ మారుతుంది.

ఇంకో తలనొప్పి యానిమేషన్లు. పీడీఎఫ్ చేసినప్పుడు ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిన బాక్సులన్నీ ఒకే పేజీలో ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, ఏది ముందో తెలియదు. ఒరిజినల్ ఫైల్ దొరికితే స్లైడ్ షోలో ఒక్కో క్లిక్ నొక్కుతూ ఆ వరుసలోనే వాక్యాలు రాసుకోండి, పనిలో పనిగా స్లైడ్ కింద నోట్స్ భాగం కూడా చూడండి, ఒక్కోసారి సార్ చెప్పిన మాటలు అక్కడే ఉంటాయి.

అన్ని స్లైడ్స్‌కీ ఇంత చేయక్కర్లేదు, చేస్తే సిలబస్ పూర్తి కాదు. నిర్వచనాలు, పేర్ల జాబితాలు ఉన్నవి అలాగే వదిలేశాను. బాణం గుర్తో, "కాబట్టి" గుర్తో, ఫార్ములానో ఉన్న స్లైడ్స్‌కే వాక్యాలు రాశాను. వారం ఆగి స్లైడ్స్ తెరవకుండా హ్యాండౌట్ ఒక్కటే చదివేవాణ్ణి. మధ్యలో ఎక్కడ స్లైడ్ తెరవాల్సి వచ్చిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేవాణ్ణి. పేజింగ్ చాప్టర్‌లో మొదటిసారి తొమ్మిది గీతలు పడ్డాయి, వాటిలో ఆరు గీతలు బాణాల దగ్గరే.