ఒకే అపార్ట్‌మెంట్‌కు రెండు రేట్లు

ఆదివారం. పొద్దున్నే పరువు పోయింది. నయీంనగర్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో సీసీ కెమెరాల పని గురించి, ఎక్సెల్‌లో పేరు చూసి ట్రెజరర్ గారికి ఫోన్ చేసి 46 వేలు అవుతుందన్నాను. ఆయన నవ్వి, "మొన్న మా ప్రెసిడెంట్ సార్‌కు 52 అన్నవంట కదా తమ్మీ?" అన్నాడు. తీరా చూస్తే 31వ వరుసలో ట్రెజరర్, 148వ వరుసలో ప్రెసిడెంట్. ఇద్దరిదీ ఒకే బిల్డింగ్ అని షీటుకేం తెలుసు, నాకే గుర్తు లేదు.

మధ్యాహ్నం అన్నం తిని, కస్టమర్ల వివరాలన్నీ ఒకచోట పెట్టుకునే హబ్‌స్పాట్‌లో, ఎప్పటినుంచో అనుకుంటున్న ఉచిత ఖాతా తెరిచి, షీటును సీఎస్‌వీగా మార్చి ఎక్కించాను. 212 పేర్లు వచ్చాయి. ఇంటిపేర్ల కాలమ్ తప్పుగా కలిపానని తర్వాత కనిపించింది, సరిచేసి మళ్లీ ఎక్కిస్తే పాతవాటి మీదే దిద్దుతుందిలే అనుకున్నా. 424 అయ్యాయి! గంట తల పట్టుకున్నాక అర్థమైంది. అది మనిషిని గుర్తుపట్టేది ఈమెయిల్‌తో, ఫోన్ నంబర్‌తో కాదు. మన హన్మకొండలో కెమెరాలు పెట్టించుకునేవాళ్లు ఈమెయిల్ ఎక్కడ ఇస్తారు, వాట్సాప్ నంబరే ఇస్తారు. ఈమెయిల్ లేని ప్రతి వరుసా దాని లెక్కలో కొత్త మనిషే.

రెండు ఎక్కింపులకీ మధ్య గంటన్నర తేడా ఉంది కాబట్టి Create date వరసలో పెట్టి, తప్పుగా ఉన్న మొదటి 212నీ ఒకేసారి తీసేశాను (పొరపాటున తీసేసినా 90 రోజుల లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, అదొక ధైర్యం). మిగిలినవి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక్కొక్కరికీ Record ID అని ఒక నంబర్ వచ్చింది. ఇకమీద షీటులో దిద్ది ఎక్కించినా ఆ కాలమ్ ఉంచి, అదే గుర్తు అని కలిపితే ఉన్నవాళ్ల వివరాలే మారతాయి, కొత్తవాళ్లు పుట్టరు.

సాయంత్రం అసలు పని. ఆ అపార్ట్‌మెంట్‌ను ఒక కంపెనీగా చేతితో రాసి, ప్రెసిడెంట్‌నూ ట్రెజరర్‌నూ దానికే కలిపి, ఇద్దరికీ కలిపి ఒక్కటే డీల్ పెట్టాను. మొత్తం ఒక్కచోటే ఉంటుంది, ఎవరి పేరు తెరిచినా అదే కనిపిస్తుంది. డీల్ దశల పేర్లు ఇంగ్లీషులో మన పనికి సంబంధం లేకుండా ఉంటే తీసేసి "చూసి రావాలి", "రేటు చెప్పాం", "అడ్వాన్స్ వచ్చింది" అని మార్చాను.

ఒక్క తంటా మాత్రం ఉంది. నా సిమ్ నుంచి చేసిన కాల్ దానంతట అది అందులో పడదు, ఫోన్ పెట్టేయగానే యాప్‌లో రెండు ముక్కలు నేనే రాయాలి. బండి మీద ఉన్నప్పుడు అది జరిగే పనేనా!

మంగళవారం పది గంటలకు ప్రెసిడెంట్ సార్‌కు ఫోన్ చేయాలని టాస్క్ పెట్టుకున్నా. 46 వేలకే చేస్తానని చెప్పాలి, ఇంకేం చేస్తాం.