ఆర్డర్ స్క్రిప్టులు నడిచే తీరు, ఆగే తీరు: నా సీట్లోకి వచ్చేవారికి

శనివారం నా ఆఖరి రోజు. మీరెవరో నాకింకా తెలీదు, నేను వెళ్లాకే తీసుకుంటామన్నారు. అందుకని పక్కన కూర్చోబెట్టి చెప్పాల్సింది ఇలా రాస్తున్నాను. కొంచెం పొడుగైనా మొత్తం చదవండి, ఎందుకంటే ఈ స్క్రిప్టులు రాసినాయన మానేసి రెండేళ్లయింది, నేను కూడా దెబ్బలు తినే నేర్చుకున్నాను.

ముందు పని ఏమిటో చెప్తాను. మనది గుంటూరులో సబ్బులు, నూనెలు, బిస్కెట్ల డిస్ట్రిబ్యూషన్. తెనాలి, సత్తెనపల్లి, నరసరావుపేట లైన్లకి వెళ్లే సేల్స్‌మన్లు ఫోన్లో ఆర్డర్లు కొడతారు, అవన్నీ కలిసి ఒక సీఎస్‌వీ ఫైల్‌గా నా కంప్యూటర్లో `inbox` ఫోల్డర్లోకి వస్తాయి. విండోస్ టాస్క్ షెడ్యూలర్ రోజుకి మూడుసార్లు, 8:40కి, 1:10కి, 5:30కి, పైథాన్ స్క్రిప్టుని లేపుతుంది. అది ఒక్కో ఆర్డర్నీ ఎక్స్‌ఎమ్ఎల్‌గా మార్చి అదే కంప్యూటర్లో తెరిచి ఉన్న ట్యాలీకి పంపితే, అక్కడ సేల్స్ ఆర్డర్ వోచర్ పడుతుంది. గోడౌన్లో బాబాయి ఆ పెండింగ్ ఆర్డర్లు చూసే బిల్లు కొట్టి సరుకు ఎక్కిస్తాడు. ఆయన ఇంకెక్కడా సరిచూసుకోడు. ఆర్డర్ పడిందంటే సరుకు వెళ్లిపోయినట్టే.

ట్యాలీ మూసేసి ఉంటే లాగ్‌లో `WinError 10061` అని వస్తుంది. రాత్రి విండోస్ అప్‌డేట్ అయి కంప్యూటర్ రీస్టార్ట్ అయితే పొద్దున్నే ఇదే గోల. ట్యాలీ తెరిచి, కంపెనీ లోడ్ చేసి, మళ్లీ రన్ చేయండి, అంతే. ఇలా గట్టిగా అరిచి ఆగిపోయే తప్పులతో భయం లేదు.

భయమంతా అరవని తప్పులతోనే. ట్యాలీకి మనం పంపింది నచ్చకపోయినా, జవాబు మాత్రం స్టేటస్ 200 అనే ఇస్తుంది, అంటే కబురు అందిందని, వోచర్ పడిందని కాదు. అసలు సంగతి జవాబు లోపల ఉంటుంది:

```
<CREATED>0</CREATED>
<ERRORS>1</ERRORS>
<LINEERROR>Ledger 'Shri Sai Traders' does not exist!</LINEERROR>
```

ట్యాలీలో లెడ్జర్ `Sri Sai Traders` అని ఉంది, కొత్త సేల్స్‌మన్ యాప్‌లో మధ్యలో ఒక హెచ్ పెట్టి షాపు పేరు ఎక్కించాడు. నేను చేరినప్పుడు స్క్రిప్టు 200 వచ్చిందా లేదా అని మాత్రమే చూసేది, వస్తే 'ఓకే' అని రాసుకుని ముందుకు పోయేది. పాపం ఆ షాపాయన వారం రోజులు సరుకు కోసం ఎదురుచూశాడు, మన లాగ్‌లో మాత్రం ఆయన ఆర్డర్ పచ్చగా ఉంది. ఇప్పుడు `CREATED` 1 అయితేనే ఓకే రాసేలా మార్చాను. జవాబులో ఆ మాటే కనిపించకపోతే ఐటమ్ పేరులో `&` ఉందేమో చూడండి. ఎక్స్‌ఎమ్ఎల్‌లో దాన్ని `&amp;` అని పంపాలి, మార్చే లైను ఉంది కానీ అది షాపు పేరుకే పనిచేస్తుంది, ఐటమ్ పేరుకి పెట్టలేదు. పెడదామనుకుంటూనే వెళ్లిపోతున్నాను.

ఇక నన్ను నిజంగా ఏడిపించింది డబుల్ ఆర్డర్లు. ఒక సాయంత్రం 5:30 రన్‌కి 46 ఆర్డర్లున్నాయి. అదే టైముకి మా అకౌంటెంట్ గారు ట్యాలీలో బ్యాకప్ పెట్టారు, ట్యాలీ బిగుసుకుపోయింది. స్క్రిప్టులో ఈ లైను ఉంది:

```
r = requests.post("http://localhost:9000", data=xml, timeout=30)
```

17 ఆర్డర్లు బాగానే వెళ్లాయి. 18వది పంపి, 30 సెకన్లు చూసి, జవాబు రాలేదని స్క్రిప్టు ఆగిపోయింది. ఫైల్ ఇంకా `inbox`లోనే ఉంది కదా, ఇంటికెళ్లే హడావిడిలో నేను ఏమీ ఆలోచించకుండా మళ్లీ రన్ నొక్కాను. ఈసారి 46కి 46 ఓకే. సంతోషంగా వెళ్లిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం సత్తెనపల్లి నుంచి ఫోన్. "ఏమండీ, బట్టల సబ్బు 10 కేసులు చెప్తే 20 దింపారు, దీపావళికి పంచిపెట్టమంటారా?" అన్నాడాయన. ట్యాలీలో చూస్తే 46 ఉండాల్సిన చోట 64 ఆర్డర్లు. మొదటి 17 రెండుసార్లు పడ్డాయి, అది అర్థమయ్యేదే. మరి 18వది? జవాబు రాలేదన్నది కదా? రాలేదు నిజమే, కానీ బ్యాకప్ అయ్యాక ట్యాలీ తీరిగ్గా దాన్ని కూడా సేవ్ చేసుకుంది. జవాబు రాకపోవడం వేరు, పని జరగకపోవడం వేరు అని నాకు తెలిసొచ్చింది ఆ రోజే. తిరిగి తెచ్చిన సరుకుకి ఆటో ఖర్చు ఓనర్ గారు నా జీతంలో కోయలేదు గానీ, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ఒక్కో ఆర్డర్ పడగానే దాని నంబరు `done.csv`లో చేరుతుంది, మళ్లీ రన్ చేస్తే వాటిని వదిలేస్తుంది. టైమవుట్ అయిన ఆర్డర్ మాత్రం `doubt.csv`లోకి వెళ్తుంది, స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. అప్పుడు మీరు తొందరపడకండి. ట్యాలీ మళ్లీ మామూలుగా కదిలేదాకా ఆగి, సేల్స్ ఆర్డర్ బుక్ తెరిచి ఆ నంబరు కోసం వెతకండి, ఆర్డర్ నంబరు రిఫరెన్స్‌లో ఉంటుంది. ఉంటే మీ చేత్తో `done.csv`లో రాయండి, లేకపోతే `doubt.csv`లోంచి తీసేసి మళ్లీ రన్ చేయండి. ఈ చూసే పని కూడా స్క్రిప్టుకే అప్పజెప్పొచ్చని తెలుసు, నాకు అంత పైథాన్ రాదు.

`inbox`లోకి వచ్చే సీఎస్‌వీలని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ మాత్రం కొట్టొద్దు. మన ఐటమ్ కోడ్‌లు `0427`, `12E3` లాంటివి. ఎక్సెల్ మొదటిదాన్ని 427 చేస్తుంది, రెండోదాన్ని ఏదో పెద్ద అంకె అనుకుని `1.20E+04` చేస్తుంది. చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి. లాగ్‌లో ఒకేసారి పది పదిహేను ఐటమ్‌లు లేవని వస్తే ఎవరో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారని అర్థం, అడిగితే ఎవరూ ఒప్పుకోరు. యాప్ నుంచి ఫైల్ మళ్లీ దింపుకోండి.

రోజూ సాయంత్రం ఇంటికెళ్లేముందు యాప్‌లో ఆర్డర్ల సంఖ్య, ట్యాలీలో సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. రెండు నిమిషాల పని. లాగ్ ఏం చెప్పినా ఈ రెండు అంకెలు కలవకపోతే గోడౌన్‌కి ఫోన్ చేసి బిల్లింగ్ ఆపించండి, తర్వాతే వెతకడం మొదలుపెట్టండి.

ఇంకొకటి, ఏప్రిల్ సంగతి. కొత్త ఆర్థిక సంవత్సరానికి అకౌంటెంట్ గారు ట్యాలీలో కంపెనీ పేరు చివర సంవత్సరం మారుస్తారు. స్క్రిప్టులో `SVCURRENTCOMPANY` దగ్గర పాత పేరే ఉంటుంది. అక్షరం తేడా లేకుండా కొత్త పేరు పెట్టాలి, ఆ లైను తీసేస్తే మాత్రం ఆ క్షణాన ఏ కంపెనీ తెరిచి ఉంటే అందులో పడతాయి, మనకి ఓనర్ గారి తమ్ముడిగారి కంపెనీ కూడా అదే ట్యాలీలో ఉంది. ఏప్రిల్ 1న 8:40కి ముందే టాస్క్‌ని డిసేబుల్ చేసి, పేరు మార్చి, ఒకే ఒక్క ఆర్డర్ ఉన్న ఫైల్‌తో పంపి చూసి, అది సరైన కంపెనీలో కనిపించాక మిగతావి వదలండి. టాస్క్‌ని మళ్లీ ఎనేబుల్ చేయడం మర్చిపోకండి, నేను మర్చిపోయాను, 1:10కి ఏమీ రాలేదేమిటని బాబాయే గోడౌన్ నుంచి నడుచుకుంటూ వచ్చి అడిగాడు.