ఎనిమిది క్రెడిట్లు ఒక్క పొద్దుటే అయిపోయాయి

నేను ఇళ్లకు ఇంటీరియర్ డ్రాయింగులు గీస్తాను. మియాపూర్‌లో మా ఇంట్లో చిన్న గదే నా ఆఫీసు. పని వరకు ఇబ్బంది లేదు గానీ, క్లయింట్లు వచ్చినప్పుడే చిక్కు. వాళ్లు హాల్లో కూర్చుని లక్షల ఖర్చు గురించి మాట్లాడుతుంటే పక్కన మా కుక్కర్ కూతలు వేస్తుంది. అందుకని మే నెలలో కొండాపూర్‌లో, బల్ల అద్దెకు తీసుకుని పని చేసుకునే ఒక కోవర్కింగ్ చోటు చూశాను.

ముందు ఒక డే పాస్ కొన్నాను. 450 రూపాయలు, జీఎస్టీ 18 శాతం కలిపితే 531. ఉదయం తొమ్మిదికి వెళ్లినా మధ్యాహ్నం మూడింటికి వెళ్లినా అదే ధర, ఏడింటికి లేవాల్సిందే. కొనేటప్పుడు ఎంచుకున్న తేదీ మారదు. నేను ఎంచుకున్నది మంగళవారం. హైబ్రిడ్ ఉద్యోగాల వాళ్లంతా వారం మధ్యలోనే దిగుతారట, కిటికీ పక్క కుర్చీలన్నీ పదిలోపే నిండిపోయాయి. ఫోన్ బూత్‌లు మూడూ ఖాళీ లేవు. వడ్రంగితో ప్లైవుడ్ గొడవ మెట్ల దగ్గర నిలబడి తేల్చుకున్నాను. అయినా చోటు నచ్చింది.

నెల సభ్యత్వం హాట్ డెస్క్‌కి 7,500, జీఎస్టీతో 8,850. పైగా ఒక నెల డిపాజిట్. హాట్ డెస్క్ అంటే మనకంటూ ఒక బల్ల ఉండదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవాలి, సాయంత్రం సామానంతా తీసేయాలి. నా రోల్డ్ షీట్లు పెట్టుకోవడానికి లాకర్ విడిగా డబ్బు కట్టి తీసుకోవాలి. నా ఏటా ఆదాయం 20 లక్షలు దాటదు కాబట్టి జీఎస్టీ నంబర్ లేదు. కట్టిన 18 శాతం ఎక్కడా తిరిగి రాదు. అందుకే లెక్క వేసేటప్పుడు ఎప్పుడూ జీఎస్టీ కలిపిన అంకెనే చూస్తాను.

ఆ అంకెతో చూస్తే నెలకు 17 రోజులు వెళ్తేనే సభ్యత్వం గిట్టుబాటు. నేను సగం రోజులు సైట్ల మీదే ఉంటాను, పది పన్నెండు రోజులకు మించి వెళ్లలేను. కానీ అక్కడి అబ్బాయి "మేడమ్, సభ్యత్వంలో మీటింగ్ రూమ్‌కి ఎనిమిది క్రెడిట్లు ఫ్రీ" అన్నాడు. ఎనిమిది క్రెడిట్లంటే ఎనిమిది గంటలని నాకు నేనే అనుకుని సభ్యత్వం తీసుకున్నాను. అతను అబద్ధం ఆడలేదు, నేను అడగలేదు.

ఒక క్రెడిట్ అంటే నలుగురి గదిలో అరగంట. ఎనిమిది మంది గదికైతే అరగంటకు రెండు. ఇది యాప్‌లో బుకింగ్ నొక్కే పేజీలో మాత్రమే కనిపిస్తుంది. అంటే నా ఎనిమిది క్రెడిట్లు చిన్న గదిలో నాలుగు గంటలు, పెద్ద గదిలో రెండే గంటలు.

జూన్ మొదటి వారంలో శుక్రవారం ఒక కుటుంబం రావాలి. భార్యాభర్తలు, ఆయన అమ్మానాన్నలు, ఆవిడ తమ్ముడు. ఐదుగురు. నలుగురి గదిలో నలుగురు అంటే నాతో కలిపి నలుగురే. ఒక కుర్చీ పక్కనించి లాక్కుందామంటే కుదరదన్నారు. సరే, పెద్ద గది పదకొండు నుంచి పన్నెండున్నర వరకు, ఆరు క్రెడిట్లు.

వాళ్లు పదింబావుకే వచ్చేశారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, ఈలోపే అడుగుపెట్టాలని అత్తగారి పట్టుదల. రిసెప్షన్‌లో ప్రతి అతిథి ఫోన్‌కీ ఓటీపీ వస్తుంది. పెద్దావిడ ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చారు, కొడుకు నంబరే మళ్లీ ఇస్తే యాప్ ఒప్పుకోదు. చివరికి సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో చేత్తో రాసుకుని, ఆవిడకు కాగితం బ్యాడ్జీ ఇచ్చాడు. ఆవిడ దాన్ని చీర కొంగుకు జాగ్రత్తగా పెట్టుకున్నారు.

అప్పుడు తెలిసింది అతిథుల నియమం. లాంజ్‌లో అరగంట ఉచితం, దాటితే ఒక్కొక్కరికీ డే పాస్. బుక్ చేసిన గదిలో కూర్చున్నంతసేపు ఆ గది కుర్చీల లెక్కలోకి వస్తారు కాబట్టి పాస్ అక్కర్లేదు. పదింబావు నుంచి పదకొండు అంటే ముప్పావుగంట. ఐదుగురికి 531 చొప్పున 2,655 రూపాయలు, కేవలం సోఫాలో కూర్చున్నందుకు! నేను రిసెప్షన్ అమ్మాయి వైపు చూశాను. పాపం ఆ అమ్మాయే దారి చూపింది: "గది ఖాళీగానే ఉంది మేడమ్, బుకింగ్ పదిన్నరకి జరపండి." ఇంకో రెండు క్రెడిట్లు. నెలలో ఐదో తేదీకే ఎనిమిదీ అయిపోయాయి.

పన్నెండున్నరకు లేచేస్తామనగా పెద్దావిడ వంటగది ఆగ్నేయంలో లేదేమని అడిగారు. అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ ఎక్కడ పైపు వేస్తే అక్కడే వంటగది అని ఆవిడకు చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలకు యాప్ పూర్తి అరగంట లెక్కేసింది. విడిగా కొంటే ఒక్క క్రెడిట్ జీఎస్టీతో 295, రెండుకి 590. తర్వాతి క్లయింట్ మీటింగ్ చిన్న గదిలో రెండు గంటలు, నాలుగు క్రెడిట్లు, 1,180. జూన్ బిల్లు మొత్తం 10,620.

కోపంతో కూర్చుని లెక్క కట్టాను. ఆ నెల నేను వెళ్లింది 11 రోజులు. అవే రోజులు డే పాస్‌తో వెళ్లి, గదులకు ఇదే ధర కట్టి ఉంటే 9,971 అయ్యేది. తేడా 649 రూపాయలు. ఇంత గొడవకు ఇంతేనా అనిపించింది.

అసలు దెబ్బ జూలైలో. ఆషాఢం. ఇంటి పని మొదలుపెట్టే మాట ఎవరూ ఎత్తరు. ఒక్క మీటింగ్ లేదు, వెళ్లింది తొమ్మిది రోజులు. డే పాసులైతే 4,779 అయ్యేవి, నేను కట్టింది 8,850. వాడని ఎనిమిది క్రెడిట్లు నెలాఖరున మాయం, వచ్చే నెలకు జరగవు. శ్రావణంలో మీటింగులు ముంచుకొస్తాయని తెలుసు, ఆ క్రెడిట్లు అప్పటికి ఉంటే ఎంత బాగుండేది.

జూలై 10న సభ్యత్వం వద్దని మెయిల్ పెట్టాను. నోటీసు ముప్పై రోజులు, అదీ ఒకటో తేదీ నుంచే లెక్కట. కాబట్టి ఆగస్టు కూడా కట్టాల్సి వచ్చింది. జూన్ 30 రాత్రి పెట్టి ఉంటే జూలైతో తెగిపోయేది. ఆగస్టులో మూడు మీటింగులు పడ్డాయి, క్రెడిట్లన్నీ వాడేశాను, అది వేరే సంగతి. డిపాజిట్ సెప్టెంబరు రెండో వారంలో వచ్చింది, ఏమీ కోయలేదు.

ఇప్పుడు డే పాస్‌తోనే వెళ్తున్నాను, గది అవసరమైనప్పుడు గంటకు కడుతున్నాను. క్లయింట్‌కు టైమ్ ఇచ్చేముందు రెండు అడుగుతాను: ఎంతమంది వస్తున్నారు, పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే శుక్రవారమైతే మధ్యాహ్నం పన్నెండు తర్వాతే బుక్ చేస్తాను.