పేరు ఊడిపోయిన రేడియో వయసు ఎలా తేల్చానంటే

గుడివాడ నుంచి మా బాబాయి కొడుకు ఫోనులో ఒక ఫొటో పంపాడు. అటక మీద దొరికిన వాల్వ్ రేడియో, అంటే లోపల గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసే పాతకాలం రేడియో. "అన్నయ్యా, ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటిదట. నాన్న చెప్పారు. నిజమేనా? ప్లగ్గు పెట్టి చూడనా?"

ప్లగ్గు మాత్రం పెట్టొద్దని వెంటనే ఫోన్ చేశాను. ఎందుకో తర్వాత చెప్తాను.

ఫొటోలో ముందు భాగం మాత్రమే ఉంది. గోధుమరంగు బేకలైటు పెట్టె, కింద గుబ్బలు, స్పీకరు గుడ్డ మీద కంపెనీ బిళ్ల ఊడిపోయిన చోట రంగు వెలవని డాలు ఆకారం. డాలు గుర్తంటే ఫిలిప్స్ గుర్తొస్తుంది గానీ, నీడను చూసి పేరు పెట్టడం నాకిష్టం లేదు. ముందు డయల్‌ను దగ్గరగా తీసి పంపమన్నాను.

యుద్ధం నాటిదన్న మాట డయల్ దగ్గరే వీగిపోయింది. అద్దం మీద మద్రాసు, తిరుచ్చి, ఢిల్లీలతో పాటు విజయవాడ ఉంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. అంతకు ముందు ఆ పేరు అచ్చువేసే అవసరం ఎవరికీ లేదు. పైగా లాహోరు, పెషావరు, ఢాకా కనిపించలేదు. దేశ విభజనకు ముందు ఆలిండియా రేడియోకున్న తొమ్మిది కేంద్రాల్లో ఆ మూడూ ఉండేవి. పాత రేడియో ఫొటో చేతికొస్తే నేను మొదట చదివేది ఊళ్ల పేర్లే. పెట్టె ఆకారం మీద అంత నమ్మకం పెట్టుకోను, ఒకే అచ్చులో ఏళ్ల తరబడి పోసేవారు.

1948 తర్వాతిదని తేలింది, కానీ ఎంత తర్వాత? దానికి వెనక అట్ట విప్పాలి. అట్ట మీది కాగితం చీటీని పురుగులు తినేశాయి. మోడల్ నంబరులో మొదటి "బి", చివరి "యు" మిగిలాయి. ఫిలిప్స్ పద్ధతిలో బి అంటే బల్ల మీద పెట్టుకునే రేడియో, యు అంటే ఏసీకీ డీసీకీ పనిచేసేది. డాలు నీడతో కలిపి చూస్తే కంపెనీ విషయంలో నాకు అనుమానం పోయింది.

లోపల వాల్వులు అయిదు. ఇక్కడే మావాడు తొందరపడ్డాడు. దుమ్ము పోవాలని ఒకదాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు, అక్షరాలు గుడ్డకి అంటుకుపోయాయి. పాత వాల్వు మీది అచ్చు వేలు రాసినా పోతుంది. అదృష్టం కొద్దీ, చల్లటి గాజు మీద నోటి ఆవిరి పడితే చెరిగిన అక్షరాలు కొన్నిసార్లు లీలగా పైకి తేలతాయి. అలా ఊది, పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీయమంటే యూఎల్ 84 అని కనిపించింది. మిగతావి యూసీహెచ్ 81, యూఎఫ్ 89, యూఏబీసీ 80, యూవై 85. ఈ అంకెలు 8తో మొదలైతే తొమ్మిది కాళ్ల వాల్వు. 4తో మొదలయ్యేవి అంతకు ముందు తరం. అంటే మనం 1950ల నడుమకు వచ్చేశాం.

మొదటి అక్షరం యు ఉందంటే ఈ వాల్వుల లోపల వేడెక్కే తీగలు, అంటే ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి, ఇంటి కరెంటును విడిగా ఉంచే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. ప్లగ్గు ఒకవైపు పెడితే లోపలి ఇనుప చట్రానికే ఇంటి కరెంటు ఎక్కుతుంది. గుబ్బ ఊడిన చోట చెయ్యి పడితే షాకే. పైగా ఇన్నేళ్ల నాటి కాగితపు కెపాసిటర్లు లీకవుతూ ఉంటాయి. ప్లగ్గు వద్దన్నది అందుకే.

యూవై 85 మీద బీఈఎల్ అని ఉంది. బెంగళూరులో బీఈఎల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్, ఈ రకం వాల్వులు మొదలుపెట్టింది 1961లో. అయితే రేడియో కూడా ఆ తర్వాతిదేనా? అలా అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఆ ఒక్కటే కొత్తగా మెరుస్తోంది, మావాడు తుడిచినదాన్ని వదిలేస్తే మిగతా మూడింటి మీదా ఒకే రకం జిడ్డు దుమ్ము. ఏసీ కరెంటును డీసీగా మార్చి ఇచ్చే వాల్వు అది, మార్చాల్సి రావడం మామూలే. కాబట్టి దాన్ని పక్కన పెట్టాను.

దుమ్ము పట్టిన ఆ మూడింటికీ కాళ్ల దగ్గర చిన్న త్రిభుజం ఉంది. ఫిలిప్స్ వాళ్ల హాలెండ్‌లోని హీర్లెన్ ఫ్యాక్టరీ గుర్తు అది. దాని పక్కన 7, డి, 3. ఏడో అంకెతో ముగిసే సంవత్సరం, నాలుగో నెల, మూడో వారం. చిక్కల్లా ఏమిటంటే, 1957 కావచ్చు, 1967 కావచ్చు. 67 నాటికి ఇక్కడే వాల్వులు తయారవుతున్నాయి, అప్పటి రేడియోలో మూడూ హాలెండువి ఉండటం నాకు నమ్మబుద్ధి కాలేదు. "1957 చివర గానీ 58లో గానీ కొని ఉంటారు" అని చెప్పాను.

బాబాయి ఒప్పుకోలేదు. మూడు రోజులకి ట్రంకుపెట్టె అడుగున తాతయ్య రేడియో లైసెన్సు పుస్తకం దొరికింది. పోస్టాఫీసులో డబ్బు కట్టి స్టాంపు అంటించుకున్న మొదటి పేజీ మీద గుండ్రటి ముద్ర. తేదీ 1958 జనవరి.